పొగరు ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించండి

మన ఇళ్లలో పిల్లలు ఉద్యోగానికి ఉత్తరం రాసి చూపిస్తే తీర్పు చెప్పడానికి ఎవరూ వెనకాడరు. "గొప్పలు చెప్పుకున్నట్టుంది" అని ఒకరంటారు. "మరీ కాళ్లావేళ్లా పడ్డట్టుంది" అని ఇంకొకరంటారు. సరే, ఆ గొప్ప ఏ వాక్యంలో ఉంది, ఏ మాట తీసేస్తే పోతుంది అని అడిగితే మాత్రం "ఏమో, చదువుతుంటే అట్లా అనిపిస్తోంది" అంటారు. ఆ అనిపించడాన్ని పట్టుకుని పిల్ల నాలుగుసార్లు తిరగరాస్తుంది. ఐదోసారికి ఆ ఉత్తరంలో ఆ పిల్లే మిగలదు.

నా అభిప్రాయం ఏమిటంటే, ఉత్తరంలో పొగరు గాలిలా అంతటా పరచుకుని ఉండదు. ఫలానా వాక్యంలో, ఫలానా మాటలో ఉంటుంది. దాన్ని వేలు పెట్టి చూపించవచ్చు. చదివేవాళ్లు కావాలంటే విచారించి చూసుకోగల సంగతి చెబితే అది ధైర్యం. ఆ సంగతి చూసి వాళ్లు చెప్పాల్సిన తీర్పును మనమే చెప్పేసుకుంటే అది పొగరు. తేడా ఇంతే. ఇది తెలిస్తే ఇంగ్లీషు అంతగా రాని తల్లి కూడా కూతురి ఉత్తరాన్ని తూకం వేయగలదు.

బ్యాంకు ఉద్యోగానికి ఉత్తరం ఎందుకు, పరీక్ష రాస్తారు కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. ప్రభుత్వ బ్యాంకుల సంగతి అదే. చాలావాటికి ఐబీపీఎస్ పరీక్ష, స్టేట్ బ్యాంకుకు దాని పరీక్ష వేరే. క్లర్కు ఉద్యోగాలకైతే చాలా ఏళ్లుగా ఇంటర్వ్యూ కూడా లేదు. మన కడప కేంద్రంగా నడిచిన ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా, 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోకముందు, ఐబీపీఎస్ ద్వారానే మనుషుల్ని తీసుకునేది. అక్కడ మార్కులే మాట్లాడతాయి. ప్రైవేటు బ్యాంకులు, చిన్న ఫైనాన్స్ బ్యాంకుల్లో అట్లా కాదు. బయోడేటాతో పాటు కవర్ లెటర్ అని ఒక పేజీ పంపాలి. ఆ పేజీ చదివి పిలవాలా వద్దా అని ఒక మనిషి నిర్ణయిస్తారు. అందుకే ఈ తగువంతా.

మా ఆడపడుచు కూతురి ఉత్తరం నా చేతికి వచ్చింది కాబట్టి దాన్నే ముందు పెట్టుకుని మాట్లాడతాను. పిల్ల పులివెందులలో బీకాం చదివింది. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో కస్టమర్ సర్వీస్ ఉద్యోగానికి ప్రకటన పడింది. బయట ఎక్కడా ఉద్యోగం చేసిన అనుభవం లేదు. కానీ వాళ్లమ్మ, అంటే మా వదిన, సింహాద్రిపురంలో ఒక పొదుపు సంఘానికి లీడరు. ఆ సంఘం పుస్తకాలు మూడేళ్లుగా రాస్తున్నది ఈ పిల్లే. సంఘంలో 12 మంది, నెలకు తలా 200 రూపాయల పొదుపు. అంటే నెలకు 2,400, మూడేళ్లకు 86,400 రూపాయలు. ఆ డబ్బు సంఘంలోనే అప్పుగా తిరుగుతుంది. మీటింగ్ మినిట్స్, నగదు పుస్తకం, పొదుపూ అప్పుల లెడ్జరు, ఒక్కొక్కరి పాసుపుస్తకం, ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి.

నా చేతికి వచ్చేసరికి ఆ ఉత్తరం రెండు రూపాల్లో ఉంది. ఒకటి బెంగళూరులో పనిచేసే వాళ్లన్న దిద్దింది. ఇంకొకటి వాళ్ల నాన్న చెప్పి రాయించింది. రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. నేను ఇక్కడ తెలుగులో చెబుతాను. తెలుగులో చెప్పడం నా సౌకర్యానికి మాత్రమే కాదు, అది మొదటి పరీక్ష కూడా. ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులోకి మార్చి, బ్యాంకులో మేనేజరు ఎదురుగా కూర్చుని ఆయన్ని మీరు అంటూ నోటితో చెప్పగలమా అని చూసుకోవాలి. చెప్పడానికి సిగ్గేస్తే ఆ వాక్యం తీసేయాలి. ఇంగ్లీషులో అందరూ రాసే మాటలు కాబట్టి చెవికి ఎక్కవు. తెలుగులోకి రాగానే వాటి అసలు రంగు బయటపడుతుంది.

అన్న దిద్దిన ఉత్తరం ఇట్లా మొదలవుతుంది. "నేను డైనమిక్, రిజల్ట్ ఓరియెంటెడ్, అత్యంత నిజాయితీపరురాలైన ఫైనాన్స్ ప్రొఫెషనల్‌ని. లక్షల రూపాయల ఆర్థిక కార్యకలాపాలను ఒంటి చేత్తో నిర్వహించాను. ఈ ఉద్యోగానికి నాకన్నా తగినవారు మీకు దొరకరు. ఆరు నెలల్లో మీ బ్రాంచి డిపాజిట్లు రెట్టింపు చేస్తాను." ఇది మేనేజరు ముందు కూర్చుని తెలుగులో చెప్పమన్నాను. పిల్ల మొదటి వాక్యం సగంలోనే నవ్వేసింది.

నాన్న రాయించింది ఇట్లా ఉంది. "అయ్యా, నేను పేద రైతు కుటుంబంలో పుట్టిన అమ్మాయిని. నాకు అనుభవం లేదు. అయినా తమరు దయతలచి ఏ చిన్న పని ఇచ్చినా చేస్తాను. తమరి మేలు జన్మలో మరచిపోను." ఇది బడిలో సెలవు చీటీ రాయడం దగ్గర నేర్చుకున్న ధోరణి. హంబుల్ రిక్వెస్ట్, కైండ్లీ, ఒబీడియంట్లీ అంటూ మనందరి చేతా రాయించారు కదా, అదే. దీన్ని వినయం అనుకుంటాం. కానీ బ్యాంకు ఇవ్వబోయేది మేలు కాదు, జీతం. అడిగేది పని. పైగా డబ్బు లెక్కపెట్టే కౌంటరులో కూర్చోబోయే మనిషి "ఏ పనైనా చేస్తాను" అంటే, ఈ పిల్లకు ఏ పని వచ్చో ఈ పిల్లకే తెలియదన్న మాట.

ఆశ్చర్యం ఏమిటంటే రెండు ఉత్తరాల్లో లోపం ఒకటే. మూడేళ్లు పుస్తకాలు రాసిందన్న సంగతి రెండింటిలోనూ కనబడదు. ఒకదాంట్లో అది లక్షల రూపాయల కార్యకలాపాలుగా ఉబ్బిపోయింది. ఇంకొకదాంట్లో అనుభవం లేదు అనే మాట కింద నలిగిపోయింది. ఉన్న సంగతి ఉన్నంతగా చెప్పడం ఇద్దరికీ చేతకాలేదు.

ఇప్పుడు ఒక్కొక్క వాక్యం తీసుకుందాం. నేను తెలుగు చదువుకున్నదాన్ని, కాబట్టి విశేషణాల మీద నాకు మొదటినుంచీ కన్ను. డైనమిక్, నిజాయితీపరురాలు, కష్టపడే స్వభావం, ఇవన్నీ విశేషణాలు. ఒక మనిషికి విశేషణం ఎవరు తగిలించాలి? పక్కవాళ్లు. "మా కోడలు ఓపికమంతురాలు" అని అత్తగారు అంటే దానికి విలువ. కోడలే "నేను ఓపికమంతురాలిని" అంటే ఊరంతా నవ్వుతుంది. ఉత్తరంలోనూ అంతే. "నిజాయితీపరురాలిని" అని రాయడం పొగరుగా వినబడేది అది అబద్ధం కావడం వల్ల కాదు. అది చదివేవాళ్లు వేయాల్సిన మార్కు, మనమే వేసేసుకున్నాం కాబట్టి. విశేషణం కొట్టేసి దాని వెనక ఉన్న పనిని క్రియగా రాస్తే సరిపోతుంది. "12 మంది పొదుపు సంఘానికి మూడేళ్లుగా నగదు పుస్తకం, లెడ్జరు రాస్తున్నాను." ఇందులో ఒక్క పొగడ్త మాట లేదు. అయినా ఆ పేజీలో ఇంతకన్నా గట్టి వాక్యం ఉండదు.

అంకె విషయంలో కూడా ఒక మాట. అంకె వేస్తే గొప్పగా ఉంటుంది కదా అని అన్న లక్షలు అన్నాడు. లెక్క వేస్తే పొదుపు 86,400. బ్యాంకులో కూర్చున్నవాళ్లకు 12 మందిని 200తో, మళ్లీ 36 నెలలతో గుణించడం ఎంతసేపు? అప్పులూ వాయిదాలూ అన్నీ కూడి తిప్పితే లక్షలు అవుతాయని వాడు వాదించాడు. అవుతాయేమో. కానీ ఇంటర్వ్యూలో అడిగినప్పుడు ఆ వాదన మొదలుపెట్టాల్సి వస్తే ఆ అంకె ఓడిపోయినట్టే. చిన్నదైనా ఖచ్చితమైన అంకె ధైర్యంగా వినబడుతుంది, పెద్దదైనా మసకగా ఉన్న అంకె కోతగా వినబడుతుంది. "నెలకు 2,400 రూపాయలు" అని రాయడానికి పిల్ల మొదట సిగ్గుపడింది. "ఇంత చిన్న మొత్తం రాస్తే నవ్వుతారు అత్తా" అంది. "మొత్తం చిన్నదే అమ్మీ, 36 నెలలు తప్పకుండా రాయడం చిన్నది కాదు" అన్నాను.

రెండోది క్రియ ఏ రూపంలో ఉందో చూడటం. చేశాను, చేయగలను, చేస్తాను, చేసి తీరతాను. ఈ నాలుగూ నాలుగు మెట్లు. "చేశాను" అంటే అడిగితే చూపించడానికి ఏదో ఉండాలి. ఇక్కడ పుస్తకాలున్నాయి. "చేయగలను" అని రాస్తే దాని పక్కనే ఒక "చేశాను" ఉండాలి, లేకపోతే అది గాలి మాట. "చేస్తాను" అంటే మాట ఇవ్వడం. మన చేతిలో ఉన్నదాని మీదే మాట ఇవ్వాలి. బ్రాంచి డిపాజిట్లు రెట్టింపు కావడం ఒక కొత్త ఉద్యోగి చేతిలో లేదు. అది పంటల మీద, ధరల మీద, పక్క బ్యాంకు ఇచ్చే వడ్డీ మీద ఆధారపడి ఉంటుంది. చీనీకాయల ధర పడిపోయిన ఏడు మన ఊళ్లో డిపాజిట్ల సంగతి ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా? అదే "ఉద్యోగం వస్తే ప్రొద్దుటూరులోనే ఉంటాను" అనే మాట పిల్ల చేతిలో ఉంది. అందుకని మొదటి మాట కొట్టేసి రెండోది ఉంచాం. ఇక "తీరతాను" అనే మాటకు ఉద్యోగ ఉత్తరంలో చోటే లేదు.

మూడోది పోలిక. "నాకన్నా తగినవారు దొరకరు" అనడానికి మిగతావాళ్ల ఉత్తరాలన్నీ ఈ పిల్ల చదివి ఉండాలి. చదవలేదు. చదివేది మేనేజరు. ఆయన బల్ల మీద ఇంకా ఎన్ని ఉత్తరాలున్నాయో మనకు తెలియనప్పుడు ఆయన తీర్పు మనం చెప్పడం ఏమిటి? మొత్తం ఉత్తరంలో నిజమైన పొగరు ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. దీన్ని దిద్దడానికి వీల్లేదు, తీసేయడమే.

ఇక్కడ చాలామంది పట్టుకునే ఒక తప్పుడు కొలత గురించి చెప్పాలి. "ఎన్ని నేనులు ఉన్నాయో చూడండి, ప్రతి వాక్యానికీ నేనే!" అని మా అన్నయ్య, అంటే పిల్ల వాళ్ల నాన్న, ఇంగ్లీషు ఉత్తరం మీద వేలు పెట్టి చూపించాడు. నిజమే, ఇంగ్లీషులో ప్రతి వాక్యం ముందూ ఐ ఉంటుంది. అది భాష పద్ధతి. తెలుగులో "పుస్తకాలు రాశాను" అంటే చాలు, క్రియ చివరన ఉన్న "ను" పనిచేస్తుంది. నేను అని వేరే అనక్కర్లేదు. అంటే నొక్కి చెప్పినట్టవుతుంది. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు, కాబట్టి ఐ పెట్టక తప్పదు. మన చెవికి అది పది సార్లు "నేను, నేను" అన్నట్టు వినబడుతుంది, చదివేవాళ్లకు అట్లా వినబడదు. ఐలు లెక్కపెట్టి తీసేస్తే మిగిలేది ఎవరు చేశారో తెలియని ఉత్తరం. ఒకటి రెండు వాక్యాలు పని పేరుతో మొదలుపెడితే చాలు.

ఇప్పటిదాకా చెప్పింది ఏ ఉద్యోగానికైనా కొంత వర్తిస్తుంది. బ్యాంకుకు మాత్రమే వర్తించేది ఒకటుంది. అన్న రాసిన "ఒంటి చేత్తో" అనే మాట వేరేచోట గొప్పేమో గానీ బ్యాంకులో గొప్ప కాదు. బ్యాంకు పనంతా ఏదీ ఒంటి చేత్తో జరగకూడదు అనే సూత్రం మీద కట్టింది. ఒకరు కంప్యూటర్‌లో నమోదు చేస్తారు, ఇంకొకరు సరిచూసి ఆమోదిస్తారు. మేకర్, చెకర్ అంటారు వాళ్లు. నగదు పెట్టెకు రెండు తాళంచెవులు, ఇద్దరి దగ్గర. సాయంత్రం కౌంటరులో నగదు తక్కువైతేనే కాదు, ఎక్కువైనా పైవాళ్లకు చెప్పాల్సిందే. అట్లాంటి చోట "అంతా నేనే చేశాను" అనే మనిషిని చూస్తే నమ్మకం కలగదు, భయం కలుగుతుంది.

నిజానికి సంఘంలో జరిగిందీ అదే పద్ధతి. పిల్ల రాసేది, వదిన సరిచూసి సంతకం పెట్టేది. నెలనెలా మీటింగులో లెక్క చదివి వినిపించేవాళ్లు. ఉత్తరంలో అదే రాయమన్నాను. "పుస్తకాలు నేను రాస్తాను, సంఘం లీడరు సరిచూసి సంతకం చేస్తారు." తన పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పడం తగ్గడం కాదు. బ్యాంకువాళ్ల చెవికి అది తెలిసినమనిషి మాటలా వినబడుతుంది.

ఇట్లాంటిదే ఇంకొకటి, తప్పుల సంగతి. అన్న ఉత్తరంలో "నా లెక్కల్లో ఒక్క తప్పు కూడా రాలేదు" అని ఉంది. నోట్లు లెక్కపెట్టే పనిలో ఉన్నవాళ్లు ఆ మాట నమ్మరు. పిల్లను కదిలిస్తే అసలు కథ బయటికి వచ్చింది. ఒక నెల నగదు పుస్తకంలో ఉండాల్సిన దానికన్నా చేతిలో 200 రూపాయలు తక్కువ వచ్చాయట. చేతి నుంచి వేసి సరిపెట్టేద్దాం అని ఎవరో అన్నారు. పిల్ల ఒప్పుకోలేదు. 12 పాసుపుస్తకాలూ తెప్పించి ఒక్కొక్కటీ లెడ్జరుతో పోల్చింది. ఒకామె పొదుపు రెండుసార్లు ఎక్కింది. అంకె మీద అంకె దిద్దకుండా, తప్పు పద్దును గీత కొట్టి, కింద సరైనది రాసి, పక్కన లీడరు సంతకం తీసుకుంది. ఈ సంగతి ఉత్తరంలో రెండు వాక్యాల్లో పెట్టాం. "తప్పు రాలేదు" అనేది డాంబికం. "తప్పు వచ్చింది, ఇట్లా పట్టుకున్నాను, ఇట్లా దిద్దాను" అనేది ధైర్యం. పుస్తకం తెరిస్తే ఆ గీత, ఆ సంతకం ఇప్పటికీ ఉన్నాయి.

అయితే ఒకచోట పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. నమ్మకంగా ఉంటుందని ఆ సభ్యురాలి పేరు, ఆమెకున్న అప్పు కూడా రాయబోయింది. వద్దన్నాను. ఖాతాదారుల వివరాలు బయటికి చెప్పకపోవడం బ్యాంకులో మొదటి మర్యాద. ఉద్యోగం కోసం రాసే ఉత్తరంలోనే ఒకామె అప్పు సంగతి బయటపెడితే, రేపు కౌంటరులో కూర్చుని ఏం దాస్తుంది? మన గొప్ప చెప్పుకోవడానికి ఇంకొకరి గుట్టు వాడుకోవడం కూడా ఒకరకం పొగరే. అది వాక్యం చూస్తే తెలియదు, ఆ పేరు గల మనిషి చదివితే ఏమనుకుంటుందో ఊహిస్తే తెలుస్తుంది.

ఇక ఆడపిల్లల సంగతి. దిద్దిన ఉత్తరం చూసి అన్నయ్య "బాగానే ఉందమ్మా, కానీ ఆడపిల్ల ఇంత గట్టిగా రాస్తే పొగరనుకుంటారేమో" అన్నాడు. అప్పుడు నేను అదే ఉత్తరం కింద పిల్ల పేరు తీసి కొడుకు పేరు పెట్టి చదవమన్నాను. మళ్లీ మొదటినుంచీ చదివాడు. ఈసారి ఏ వాక్యం దగ్గరా ఆగలేదు. పైగా "ఇంకొంచెం చెప్పుకోవచ్చేమో" అన్నాడు. అంటే పొగరు ఉత్తరంలో లేదు, కింద ఉన్న పేరును బట్టి చదివే కంటిలో ఉంది. మీ ఇంట్లో కూడా ఈ పరీక్ష పెట్టి చూడండి. పేరు మారిస్తే తప్పు పోయిందంటే దిద్దాల్సింది వాక్యాన్ని కాదు. పేరు మార్చినా చెవికి గుచ్చుకుంటే అప్పుడు ఆ వాక్యం సంగతి చూడాలి. "నాకన్నా తగినవారు దొరకరు" అనే మాట ఎవరి పేరు పెట్టినా గుచ్చుకుంటుంది.

గట్టిగా చెప్పినా గౌరవం పోని ఉత్తరానికి చరిత్రలో ఒకటి ఉంది. చిత్రకారుడు లియొనార్డో డావిన్చి 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జా దగ్గర పని కోసం రాసుకున్నది. ఆ పాలకుడికి అప్పుడు కావాల్సింది యుద్ధ సామగ్రి. అందుకని వంతెనలు, ఫిరంగులు, కోటలు పడగొట్టే ఉపాయాలు వరసపెట్టి చెప్పి, బొమ్మలు వేయడం అనే మాట చివర్లో పెట్టాడు. తనకు వచ్చినవాటిలో ఎదుటివాళ్లకు పనికొచ్చేది ముందు చెప్పాడన్నమాట. చివరన, ఇందులో ఏదైనా అసాధ్యం అనిపిస్తే మీరు చెప్పిన చోట చేసి చూపిస్తాను అన్నాడు. అన్ని గొప్పలు చెప్పుకున్నా ఆ ఆఖరి మాట వల్ల తీర్పు మళ్లీ చదివేవాళ్ల చేతికే వచ్చింది. మన పిల్ల ఉత్తరం చివర కూడా అట్లాంటి వాక్యం ఒకటి ఉండాలి అనుకున్నాం.

చివరికి ఉత్తరం ఇట్లా తేలింది. మీకు పనికొస్తుందని మొత్తం తెలుగులో ఇస్తున్నాను.

"ప్రొద్దుటూరు బ్రాంచిలో కస్టమర్ సర్వీస్ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాను. నేను బీకాం పూర్తిచేశాను. మాది సింహాద్రిపురం.

మా ఊళ్లో 12 మంది సభ్యులున్న పొదుపు సంఘానికి మూడేళ్లుగా నగదు పుస్తకం, లెడ్జరు, మీటింగ్ మినిట్స్ రాస్తున్నాను. నెలకు 2,400 రూపాయల పొదుపు, సంఘంలో ఇచ్చే అప్పుల వాయిదాలు ఇందులో ఉంటాయి. పుస్తకాలు నేను రాస్తాను, లీడరు సరిచూసి సంతకం చేస్తారు. లీడరు మా అమ్మగారు. ఒక నెల 200 రూపాయలు తేడా వచ్చినప్పుడు 12 పాసుపుస్తకాలూ లెడ్జరుతో పోల్చి, రెండుసార్లు ఎక్కిన పద్దును గుర్తించి, లీడరు సంతకంతో సరిదిద్దాను.

సంఘం పనిమీద బ్యాంకుకు వెళ్లినప్పుడు చదువురాని సభ్యులకు ఫారాలు చదివి వినిపించి, వాళ్లకు అర్థమయ్యాకే నింపి ఇస్తాను. మీ బ్రాంచిలో కౌంటరు దగ్గర ఈ అలవాటు ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను. బ్యాంకు సాఫ్ట్‌వేర్ మీద నేను ఇంకా పనిచేయలేదు. నేర్చుకోవాలి.

ఉద్యోగం వస్తే ప్రొద్దుటూరులోనే ఉంటాను. నేను రాసిన పుస్తకాలు సంఘం అనుమతితో, సభ్యుల పేర్లు కనబడకుండా, ఇంటర్వ్యూకు తెచ్చి చూపించగలను."

లీడరు అమ్మే అని రాయడం ఎందుకు అని పిల్ల అడిగింది. వాళ్లు అడిగాక చెబితే దాచినట్టుంటుంది, మనమే చెబితే నిజాయితీగా ఉంటుంది. నిజాయితీపరురాలిని అని రాయకుండానే ఆ పని అయిపోయింది. సాఫ్ట్‌వేర్ రాదని రాయడం కూడా అంతే. నాన్న రాయించిన "అనుభవం లేదు" అనేదానికీ దీనికీ తేడా చూడండి. అది మొత్తం మనిషినే కొట్టేసింది. ఇది రాని ఒక్క పనికి పేరు పెట్టి, మిగతాది వచ్చని మాట లేకుండానే చెప్పింది.

పంపేముందు ఆఖరి పని ఒకటి చేశాం. ఒక్కొక్క వాక్యం మీద నేను మేనేజరులా రెండేసి ప్రశ్నలు వేశాను. వాయిదా కట్టనివాళ్లుంటే సంఘం ఏం చేసేది? మినిట్స్‌లో ఏమేం రాస్తావు? ఫారం చదివి వినిపించినా సంతకం పెట్టనంటే ఏం చేస్తావు? రెండో ప్రశ్నకు కూడా తడుముకోకుండా చెప్పగలిగిన వాక్యం ఉంచాం. నీళ్లు నమిలిన చోట వాక్యాన్ని తగ్గించాం. "బంగారు రుణాల మీద అవగాహన ఉంది" అని ఒక ముక్క ఉండేది. ప్రొద్దుటూరులో బంగారం వ్యాపారం పెద్దది కాబట్టి పనికొస్తుందని పెట్టింది. నగలో రాళ్ల బరువు తీసేసి నికర బరువు మీద లెక్క కడతారని చెప్పింది గానీ, ఆ తర్వాత ఏం చేస్తారో చెప్పలేకపోయింది. ఆ ముక్క పోయింది.

ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చింది. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. ఉత్తరం చేయగలిగేది పిలుపు వరకే, మిగతాది ఎదురుగా కూర్చున్నాక. ఈలోగా అన్నయ్య ఇంకోసారి ఉత్తరం చదివి, ఫారాలు నింపి ఇచ్చే వాక్యం దగ్గర వేలు పెట్టాడు. "ఇది కొంచెం డబ్బా కొట్టుకున్నట్టు లేదూ?" అన్నాడు.

"నిజమేనా కాదా అన్నయ్యా?" అన్నాను.

"నిజమే."

"ఎవరినైనా అడిగితే చెబుతారా?"

"ఊళ్లో ఆడవాళ్లందరూ చెబుతారు."

"మరి?"

కాసేపు కాగితం వైపే చూసి, "సరే, ఉండనీ" అన్నాడు.